స్నానాలగది నేలకి ఏ టైల్స్ కొనాలి?

చీర కొనేటప్పుడు మనం ఊరికే కొనం. కొంగు తిప్పి చూస్తాం, అంచు పట్టి లాగి చూస్తాం, రంగు దిగుతుందేమోనని తడివేలితో రుద్ది కూడా చూస్తాం. అదే స్నానాలగదికి టైల్స్ కొనడానికి వెళ్ళినప్పుడు మాత్రం గోడకి తగిలించిన పలకల మెరుపు చూసి, మన గోడల రంగుకి నప్పుతుందా లేదా అని చూసి, బేరమాడి వచ్చేస్తాం. కొట్లో అవి పొడిగా ఉంటాయి, మన కాళ్ళకి చెప్పులుంటాయి. ఇంట్లో అవే పలకలు తడిగా ఉంటాయి, మన కాళ్ళు ఉత్తవి. చిక్కంతా అక్కడే ఉంది.

ఈమధ్య మా ఇంట్లో స్నానాలగది నేల పీకించి కొత్తది వేయించాం. మేం ఈ ఇల్లు కొనేనాటికే అందులో అద్దంలాంటి నున్నటి పలకలు వేసి ఉన్నాయి. రెండేళ్ళ క్రితం నరకచతుర్దశినాడు మా అత్తగారు తలంటు పోసుకుంటూ వాటిమీద జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది, నాలుగు నెలలు వాకర్ పట్టుకుని నడిచారు. ఇప్పుడావిడకి 74 ఏళ్ళు. నడక కుదుటపడింది గానీ, "వారానికోసారి నువ్వులనూనె, కుంకుడుకాయ రసం లేకుండా నాకు స్నానం చేసినట్టుండదే అమ్మాయ్" అంటారు. ఆవిడ అలవాటు మాన్పించలేం, మాన్పించకూడదు కూడా. కాబట్టి మారాల్సింది నేలే.

అప్పుడు నాలుగు కొట్లు తిరిగి, మా మేస్త్రీని విసిగించి, సివిల్ ఇంజనీరింగు చదివిన మా ఆడపడుచు కొడుకుని అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట గుర్తుంచుకోండి. పలక జారుతుందా లేదా అన్నది ఒక ప్రశ్న. నీళ్ళు పీలుస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న. కంపెనీ మంచిదా కాదా అన్నది మూడోది. ఒకదానికి వచ్చిన జవాబు మిగతా రెండింటికీ పనికిరాదు. "ఇది పెద్ద కంపెనీదండీ, చుక్క నీళ్ళు పీల్చదు" అని కొట్టువాడు చెప్పినంత మాత్రాన అది జారదని కాదు. అసలు బాగా పాలిష్ పట్టిన విట్రిఫైడ్ పలకలే నీళ్ళు అన్నిటికంటే తక్కువ పీలుస్తాయి, తడిసినప్పుడు అవే గట్టిగా జారుతాయి.

జారుడు సంగతి

కొట్లో "యాంటీ స్కిడ్" అన్న మాట ప్రతి రెండో పలకకీ వినిపిస్తుంది. ఆ మాటకి కొలతంటూ లేదు. కొలత కావాలంటే రెండు రకాల అంకెలున్నాయి. రెండూ జర్మనీవాళ్ళ పద్ధతి ప్రకారం వచ్చినవి. పలకలు పరిచిన బల్లమీద మనిషిని నిలబెట్టి, ఆ బల్లని కొంచెం కొంచెంగా ఏటవాలుగా ఎత్తుతూ పోతారు. ఎంత వాలు దగ్గర మనిషి కాలు జారుతుందో చూసి దానికొక తరగతి ఇస్తారు.

మొదటి పరీక్షలో బల్లమీద నూనె పోస్తారు, నడిచే మనిషి బూట్లు వేసుకుంటాడు. దీనిలో వచ్చేవి ఆర్ 9, ఆర్ 10, ఆర్ 11, ఆర్ 12, ఆర్ 13. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆర్ 9 అంటే పదికి తొమ్మిది మార్కులు అనుకుంటారు. కాదు, ఆర్ 9 అన్నది అన్నిటికంటే కింది తరగతి. 6 నుంచి 10 డిగ్రీల వాలులోనే కాలు జారిపోయే పలకకి ఇచ్చేది అది. ఆర్ 10 అయితే 10 నుంచి 19 డిగ్రీల దాకా, ఆర్ 11 అయితే 19 నుంచి 27 డిగ్రీల దాకా ఆగుతుంది. ఆ పైవి ఫ్యాక్టరీలకీ, పెద్ద వంటశాలలకీ పెట్టుకునేవి.

రెండో పరీక్ష మనకి ఇంకా దగ్గరది. అందులో సబ్బునీళ్ళు పోస్తారు, మనిషి ఉత్తకాళ్ళతో నడుస్తాడు. దీనిలో తరగతులు ఎ, బి, సి. ఎ అంటే కనీసం 12 డిగ్రీలు, బి అంటే 18, సి అంటే 24. స్నానం చేసేచోట బి తరగతి అడగాలి. ఎ అన్నది బట్టలు మార్చుకునే గదిలాంటి, పెద్దగా తడవని చోటుకి సరిపోతుంది. మన స్నానాలగదికి చాలదు.

ఈ అంకెలు మన దగ్గర అట్టపెట్టె మీద వేసి ఉండడం తక్కువ. కాబట్టి కొట్టువాణ్ణి "ఈ మోడల్‌కి టెక్నికల్ షీట్ చూపించండి" అని అడగాలి. కంపెనీవాళ్ళు ఆ కాగితం ఇస్తారు, ఫోనులో కూడా పంపుతారు. ఒక కొట్లో నేనడిగితే కుర్రాడు నవ్వేసి, "మేడమ్, గరుకుగా ఉంది కదా, అదే యాంటీ స్కిడ్" అన్నాడు. అక్కడ కొనలేదు.

కాగితం చూశాక కూడా పలకని మన ఇంటి నీళ్ళతో, మన ఇంటి నూనెతో పరీక్షించుకోవడం మంచిది. మేం మూడు రకాల్లో ఒక్కో నమూనా తెచ్చుకున్నాం. మొదటిది మావారు ముచ్చటపడ్డ రెండడుగుల పాలిష్ విట్రిఫైడ్. రెండోది అడుగు పలక, పైన గులకరాళ్ళు పేర్చినట్టు ఉబ్బెత్తు డిజైను ఉన్న సెరామిక్, దానికి "యాంటీ స్కిడ్" అని పేరు. మూడోది కూడా అడుగు పలకే, మ్యాట్ విట్రిఫైడ్. చూడ్డానికి సాదా బూడిదరంగు. చేత్తో తడిమితే సన్నటి బొంబాయిరవ్వ చల్లినట్టు తగులుతుంది.

పరీక్ష ఇలా చేశాం. పెరట్లో తడి గోనెసంచి పరిచి, దానిమీద పలక పెట్టాం. అలా పెడితే పలక కదలదు. పైన కుంకుడు రసం పోసి, ఒక చెంచాడు నువ్వులనూనె వేసి చేత్తో పూశాను. తరవాత కుర్చీలో కూర్చుని, పలకమీద ఉత్తకాలు గట్టిగా ఆన్చి ముందుకి తోశాను. నిలబడి మాత్రం ఈ పరీక్ష చెయ్యకండి, కూర్చునే చెయ్యండి.

మొదటిదాని మీద కాలు వెన్నమీద వేసినట్టు సర్రున పోయింది. రెండోది నన్ను ఆశ్చర్యపరిచింది, అదీ జారింది! కారణం తరవాత అర్థమైంది. ఆ గులకరాళ్ళ డిజైను పెద్దదే గానీ, ప్రతి రాయి నెత్తిమీదా గ్లేజు నున్నగా మెరుస్తోంది. మన పాదం నిలబడేది ఆ నెత్తులమీదే. ఎత్తుపల్లాలుండడం వేరు, పట్టు ఉండడం వేరు. పట్టు ఇచ్చేది ఆ సన్నటి రవ్వ గరుకుదనం. తడి, సబ్బు పొర పల్చగా పరుచుకున్నా, ఆ రవ్వ మొనలు పొరని చీల్చుకుని పాదానికి తగులుతాయి. మూడో పలకమీద కాలు తోస్తే ఆగి ఆగి కదిలింది. దాని కాగితంలో ఉత్తకాళ్ళ పరీక్షలో బి, నూనె పరీక్షలో ఆర్ 11 అని ఉంది.

అయితే గరుకు ఎంత ఎక్కువైతే అంత మంచిదని అనుకోకండి. మరీ గరుకైతే ముసలివాళ్ళ పల్చటి చర్మం గీసుకుపోతుంది. సబ్బు, జుట్టు, నలుగుపిండి ఆ గుంటల్లో పట్టేసి నల్లబడతాయి. తేబోయే నమూనామీద పసుపు, నలుగుపిండి, నూనె కలిపి రాసి ఒక రాత్రి వదిలెయ్యండి. పొద్దున్నే మామూలు కొబ్బరిపీచు బ్రష్షుతో నాలుగుసార్లు రుద్దితే పోవాలి. మా మూడో పలకమీద పోయింది. పాలిష్ పలకమీద పసుపు ఛాయ కొంచెం నిలిచిపోయింది. పాలిష్ పట్టినప్పుడు పైన కంటికి కనపడని సన్నటి రంధ్రాలు తెరుచుకుంటాయి, రంగు వాటిల్లో కూర్చుంటుంది.

నీళ్ళు పీల్చే సంగతి

పైన గ్లేజు ఉంది కదా, నీళ్ళు లోపలికి ఎలా పోతాయి అని మావారు అడిగారు. నిజమే, గ్లేజు నీటిని పీల్చదు. కానీ రెండు పలకల మధ్య సందులోంచి, అంచుల్లోంచి, చెంబు పడి పెచ్చు లేచినచోటునుంచి నీళ్ళు దిగుతాయి. బాగా పీల్చే మట్టి అయితే అడుగున ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. వాసన వస్తుంది. తడికి మట్టి కొద్దిగా ఉబ్బుతుంది, అప్పుడు పైన గ్లేజు వెంట్రుకంత సన్నగా పగుళ్ళు తీసి, ఆ గీతల్లో మురికి చేరుతుంది. అలాంటి పలకకి బలమూ తక్కువే.

దీనికి లెక్క సులువు. పలక తన బరువులో నూటికి ఎంత నీరు పీలుస్తుందన్నదే. ఈ తరగతి అట్టపెట్టె మీద ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. పెట్టెమీద మన భారత ప్రమాణం ఐ.ఎస్. 15622 అన్న అంకె, దాని దగ్గర ఇంగ్లీషులో బి అక్షరం, ఆ పక్కన నిలువు గీతలు, చివర చిన్న ఎ గానీ బి గానీ కనిపిస్తాయి. ఆ గీతలు రోమన్ అంకెలు. ఒక గీత, చివర ఎ ఉంటే 0.5 శాతం లోపు పీలుస్తుందని. ఒక గీత, చివర బి ఉంటే 3 శాతం లోపు. రెండు గీతలుంటే 3 నుంచి 10 శాతం మధ్య. మూడు గీతలుంటే 10 శాతం పైన, అంటే అది గోడకి వేసే పలక. గోడ పలకని మిగిలిపోయిందని నేలకి వెయ్యకూడదు. స్నానాలగది నేలకి ఒక గీత ఉన్నదే తీసుకోండి, చివర ఎ అయితే ఇంకా మంచిది.

పెట్టె మీది మాట నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే తూచి చూడొచ్చు. నా దగ్గర ఆవకాయకి కారం, ఉప్పు తూచుకునే ఎలక్ట్రానిక్ కాటా ఉంది. అయిదు కిలోల దాకా తూస్తుంది, గ్రాము తేడా కూడా చూపిస్తుంది. అడుగు పలకలు రెండూ, మెట్లకింద పడి ఉన్న పాత గోడ పలక ఒకటీ ఒకరోజు ఎండలో పెట్టి తూచాను. తరవాత ఒక రోజంతా టబ్బులో నానబెట్టి, పైన తడి గుడ్డతో తుడిచి మళ్ళీ తూచాను.

గోడ పలక 1300 గ్రాములున్నది 1490 అయింది. 190 గ్రాములు తాగిందన్నమాట, అంటే నూటికి దాదాపు 15. గులకరాళ్ళ సెరామిక్ 1450 నుంచి 1514కి వెళ్ళింది, నూటికి నాలుగున్నరకి దగ్గర. మ్యాట్ విట్రిఫైడ్ 1650 నుంచి 1654 మాత్రమే. అంటే నూటికి పావు వంతు. పెద్ద పాలిష్ పలక కాటామీద పట్టలేదు గానీ, దాన్ని బోర్లించి వెనకవైపు నాలుగు చుక్కలు నీళ్ళు వేస్తే ముత్యాల్లా నిలబడ్డాయి. గోడ పలక వెనక వేసిన చుక్కలు వేసినట్టే ఇంకిపోయాయి. కాటా లేనివాళ్ళకి ఈ చుక్కల పరీక్ష చాలు.

ఒక సంగతి చెప్పాలి. ల్యాబుల్లో వేడినీళ్ళలో మరిగించో, గాలి లాగేసో నీటిని లోపలికి ఎక్కిస్తారు. ఊరికే నానబెడితే అంత ఎక్కదు. అందుకని ఇంటి లెక్క కాస్త తక్కువే చూపిస్తుంది. మంచి పలకకి ముద్ర వెయ్యడానికి కాదు, చెడ్డదాన్ని పట్టుకోవడానికి ఇది పనికొస్తుంది.

నీళ్ళు పీల్చని పలకకి ఒక పేచీ ఉంది. మా మేస్త్రీ ఎప్పటిలాగే సిమెంటు పాలు పోసి అతికిస్తానన్నాడు. "అమ్మగారూ, ముప్ఫయ్యేళ్ళనుంచి ఇలాగే వేస్తున్నాను" అన్నాడు. పాతకాలపు పలకలకి అది సరిపోయేది, ఎందుకంటే ఆ పలక సిమెంటు పాలని పీల్చుకుని పట్టుకునేది. ఇది పీల్చదు కదా, మరి సిమెంటు దేన్ని పట్టుకుంటుంది? కొన్నాళ్ళకి పలక ఊడి, తడితే డొల్ల చప్పుడు వస్తుంది. అందుకని బస్తాల్లో వచ్చే టైల్ అడ్హెసివ్‌తో, పళ్ళ తాపీతో దువ్వి వేయించాం. మర్నాడు ప్రతి పలకనీ నాలుగు మూలలా రూపాయి బిళ్ళతో కొట్టి చూశాను. రెండుచోట్ల డొల్లగా మోగితే, సందులు నింపకముందే తీయించి మళ్ళీ వేయించాం. ఇంకోటి, పలక నీళ్ళు పీల్చనంత మాత్రాన కింద గదికి చెమ్మ దిగదని కాదు. సందుల్లోంచి దిగుతుంది. మేడమీద స్నానాలగది అయితే పలకలకి ముందే వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించాలి.

కంపెనీ పేరు

కజారియా, సోమానీ, జాన్సన్, నిట్కో, ర్యాక్ లాంటి పేర్లు మీరు వినే ఉంటారు. జాన్సన్ మన దేశంలో 1958 నుంచి ఉంది. కజారియా 1988లో ఉత్తరప్రదేశ్‌లోని సికందరాబాద్‌లో మొదటి ఫ్యాక్టరీ నడిపింది. ర్యాక్ గల్ఫ్ దేశపు కంపెనీ అయినా, దాని ఫ్యాక్టరీ మన సామర్లకోటలో పెట్టారు. ఇవి కాక, గుజరాత్‌లోని మోర్బీ ఊళ్ళో వందలకొద్దీ టైల్స్ ఫ్యాక్టరీలున్నాయి. మన ఊళ్ళలో చవగ్గా దొరికే పలకల్లో చాలాభాగం అక్కడివే. పెద్ద కంపెనీలు కూడా కొన్ని రకాలు అక్కడ చేయించుకుంటాయి. కాబట్టి మోర్బీ అంటే చెడ్డదని గానీ, పెద్ద పేరంటే అన్నీ మంచివని గానీ అనుకోనక్కర్లేదు.

పెద్ద కంపెనీవాళ్ళు జారే పలకలూ చేస్తారు, జారనివీ చేస్తారు. హాలుకి వేరు, మెట్లకి వేరు, స్నానాలగదికి వేరు. మరి పేరు చూసి కొనడంవల్ల లాభం ఏమిటంటే, ముఖ్యంగా మూడు. అడిగితే టెక్నికల్ కాగితం ఇస్తారు. పలకలన్నీ ఒకే కొలతలో, వంకర లేకుండా వస్తాయి. పెట్టె పెట్టెకీ రంగు తేడా ఉండకుండా షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు వేస్తారు.

పేరులేని కంపెనీదైనా ఈ మూడూ చూసుకుని కొనొచ్చు. రెండు పలకలు ముఖాముఖి పెట్టి అంచుల దగ్గర సందు ఎంతుందో చూడండి, వంకర ఉంటే తెలిసిపోతుంది. వేర్వేరు పెట్టెల్లోంచి నాలుగు తీసి నేలమీద కలిపి పెడితే కొలత తేడా, రంగు తేడా రెండూ బయటపడతాయి. పెట్టెమీద "ప్రీమియం" అని ఉందో, కింది గ్రేడు ఉందో చదవండి. చవగ్గా ఇస్తున్నాడంటే చాలాసార్లు అది రెండో గ్రేడు సరుకై ఉంటుంది.

మా గది లెక్క

మా స్నానాలగది ఏడడుగులు పొడవు, అయిదడుగులు వెడల్పు, మొత్తం 35 చదరపు అడుగులు. అడుగు పలక అంటాం గానీ నిజానికి అది 30 సెంటీమీటర్లు, అంటే చదరపు అడుగుకి కొంచెం తక్కువ. కాబట్టి 36, 37 పలకలు పడతాయి. కోతల్లో పోయేవాటికి నూటికి పది కలుపుకుంటే 40. పెట్టెకి పది చొప్పున నాలుగు పెట్టెలు సరిపోతాయి. మేం అయిదు పెట్టెలు ఒకే షేడ్, ఒకే బ్యాచ్‌వి తీసుకున్నాం. రేపు ఎక్కడైనా ఒకటి పగిలితే అదే రంగు మళ్ళీ దొరకదు.

రెండడుగుల పలకలు వద్దనడానికి ఇంకో కారణం వాటం. స్నానాలగది నేల నీరు పోయే రంధ్రంవైపు నాలుగు దిక్కులనుంచీ వాలాలి. మేం అడుగుకి ఎనిమిదోవంతు అంగుళం చొప్పున వాటం పెట్టించాం. ఏడడుగులకి దాదాపు ముప్పావు అంగుళం పైన అవుతుంది. చిన్న పలకలైతే ఆ వాలుకి తగ్గట్టు ఒదుగుతాయి. పెద్ద పలకని ఐమూలగా కోస్తే తప్ప ఒదగదు. పైగా చిన్న పలకలకి సందులు ఎక్కువ, ఆ సందులు కూడా పాదానికి పట్టునిస్తాయి. పలకలు వేశాక, సందులు నింపకముందు ఒక బకెట్ నీళ్ళు పోసి చూశాం. మూలన ఒకచోట అరచేతి మేర నిలిచాయి. మేస్త్రీ గొణుక్కుంటూనే ఆ రెండు పలకలూ లేపి సరిచేశాడు. నీళ్ళు నిలిచేచోట నాచు పడుతుంది, నాచు పట్టాక బి తరగతి పలకైనా జారుతుంది.

ఆ మాటకొస్తే, ఎంత మంచి పలకైనా సబ్బు జిడ్డు పొర కట్టనిస్తే దాని గరుకంతా మూసుకుపోతుంది. తలంటు అయినరోజు వేడినీళ్ళు, గిన్నెలు తోమే సబ్బునీళ్ళు పోసి బ్రష్షుతో రుద్ది కడిగెయ్యాలి. యాసిడ్ మాత్రం వద్దు, సందుల్లో నింపిన సిమెంటుని తినేస్తుంది. బోరునీళ్ళ తెల్లమచ్చలకి వెనిగరు కూడా సందులమీద నిలవనివ్వకుండా, రాసిన వెంటనే కడిగెయ్యండి. గోడకి పట్టుకునే స్టీలు కడ్డీ ఒకటి కూడా బిగించాం. పలక పాదాన్ని ఆపుతుందేగానీ, తూలిన మనిషిని ఆపలేదు కదా!

పని అయిపోయాక అట్టపెట్టెలు పారెయ్యకండి. కంపెనీ పేరు, మోడల్, షేడ్, బ్యాచ్ నంబర్లున్న పక్కని కత్తిరించి, బిల్లుతోపాటు ఇంటి కాగితాల్లో దాచండి. మిగిలిన పలకలు అటకమీద పడుకోబెట్టకుండా, గోడకి నిలబెట్టి ఉంచండి. మాకు పది మిగలాల్సింది ఎనిమిదే మిగిలాయి. మావారు ముచ్చటపడ్డ పాలిష్ పలక ఏమైందంటారా? అది పూజగదిలో దీపాలకింద ఉంది. అక్కడ ఎవరూ తలంటు పోసుకోరు కదా!